ప్రాజెక్టు డైరీ: రిమోట్ ఐఓ మాడ్యూల్ మార్చాను, పింగ్ వచ్చింది, స్టేషన్ రాలేదు

ఒక పీఎల్‌సీ, అంటే మెషిన్‌ను నడిపే కంట్రోలర్, దాని కింద ఆరు రిమోట్ ఐఓ స్టేషన్లు, అన్నీ ప్రొఫీనెట్ అనే పారిశ్రామిక ఈథర్‌నెట్ నెట్‌వర్క్ మీద వరుసగా ఒకదాని నుంచి ఇంకొకదానికి కేబుల్‌తో కలిపినవి. నాలుగో స్టేషన్‌లో ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ పోయింది. పది నిమిషాల్లో అవ్వాల్సిన పని 75 నిమిషాలు పట్టింది. ఆ టైం ఎక్కడెక్కడ పోయిందో, మళ్ళీ పోకుండా ఏం మార్చానో ఇక్కడ రాస్తున్నాను.

ప్రాజెక్టులో ఉన్న పేర్లు, అడ్రస్‌లు ఇవి:

```
plc-1    192.168.10.1
rio-01   192.168.10.11
rio-02   192.168.10.12
rio-03   192.168.10.13
rio-04   192.168.10.14   <- పోయింది ఇది
rio-05   192.168.10.15
rio-06   192.168.10.16
```

దశ 1: పోయింది ఏదో తేల్చడం

పీఎల్‌సీ డయాగ్నోస్టిక్స్‌లో మూడు స్టేషన్లు ఒకేసారి పోయినట్టు కనిపించాయి: `rio-04`, `rio-05`, `rio-06`. మూడూ ఒక్కసారే చెడిపోవు. వరుసగా కలిపిన లైన్‌లో ప్రతి ఇంటర్‌ఫేస్ మాడ్యూల్‌లోనూ రెండు పోర్టుల చిన్న స్విచ్ ఉంటుంది. ఒక మాడ్యూల్ చచ్చిపోతే ఆ స్విచ్ కూడా చస్తుంది కాబట్టి దాని తర్వాత ఉన్నవాటికి దారి మూసుకుపోతుంది. అందుకే పోయినవాటిలో పీఎల్‌సీకి దగ్గరగా ఉన్నదాన్ని ముందు చూడాలి.

చేసిన కొలతలు:

1. `rio-04` సప్లై టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెడితే 23.8 వోల్టులు ఉన్నాయి. అంటే పవర్ వస్తోంది.
2. మాడ్యూల్ మీద ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలగలేదు.
3. `rio-03` నుంచి వచ్చే కేబుల్‌ను ల్యాప్‌టాప్‌కి పెడితే లింక్ వచ్చింది. కేబుల్ బాగానే ఉంది.

మాడ్యూల్ పోయిందని తేలిపోయింది. స్టోర్‌లో అదే ఆర్డర్ నంబర్ ఉన్న స్పేర్ ఉంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ కార్డులను ముట్టుకోలేదు, ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ ఒక్కటే మార్చాను. స్లాట్‌లు, పారామీటర్‌లు కనెక్షన్ కుదిరేటప్పుడు కంట్రోలరే పంపిస్తుంది కాబట్టి మాడ్యూల్‌లోకి ఏ ప్రోగ్రామూ లోడ్ చెయ్యక్కర్లేదు. ఇక్కడ ఫెయిల్‌సేఫ్ కార్డులు లేవు. ఉన్నచోట వాటి అడ్రస్ సంగతి వేరుగా చూసుకోవాలి, ఈ డైరీ దానికి సరిపోదు.

బిగించేముందు ఒక పని మర్చిపోయాను: మాడ్యూల్ మీద అచ్చువేసిన మ్యాక్ అడ్రస్‌ను ఫోటో తీసుకోవడం. బిగించాక అది కనబడలేదు. దాని అవసరం దశ 3లో వచ్చింది.

లైన్ ఆగిన టైం: 18 నిమిషాలు. మొత్తం: 18.

దశ 2: ఐపీ ఇచ్చాను, పింగ్ వచ్చింది

స్పేర్‌కి పవర్ ఇవ్వగానే `rio-05`, `rio-06` వాటంతట అవే తిరిగి వచ్చేశాయి. `rio-04` మీద మాత్రం కంట్రోలర్‌తో కనెక్షన్ లేదని చెప్పే బస్ ఫాల్ట్ లైట్ ఎరుపులోనే ఉంది. ఇది చూసినప్పుడే నాకు అర్థం కావాల్సింది. వెనక ఉన్న రెండూ వచ్చాయంటే కొత్త మాడ్యూల్ స్విచ్ పనిచేస్తోంది, రెండు కేబుళ్ళూ బాగున్నాయి. ఇక మిగిలేది పేరు సమస్యే. కానీ నేను అప్పుడు అలా ఆలోచించలేదు.

ప్రాజెక్టు ఉన్న ల్యాప్‌టాప్ అందుబాటులో లేదు. నా దగ్గరున్న ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న ఉచిత స్కానింగ్ టూల్ ఉంది. దానితో నెట్‌వర్క్ వెతికితే ఆరు స్టేషన్లూ కనిపించాయి. ఐదింటి పేర్లు సరిగ్గానే ఉన్నాయి. ఆరోదాని పేరు `bench-a`, ఐపీ 0.0.0.0. అంటే ఈ స్పేర్‌ను ఎప్పుడో టెస్ట్ బెంచ్ మీద వాడి, పేరు చెరపకుండా స్టోర్‌లో పెట్టేశారు.

నేను దానికి 192.168.10.14 ఇచ్చాను. పింగ్ కొడితే నాలుగుకి నాలుగూ వచ్చాయి. బస్ ఫాల్ట్ అలాగే ఉంది. మాడ్యూల్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. కేబుల్ ప్లగ్‌లు మళ్ళీ నొక్కాను. నాతో ఉన్న కుర్ర టెక్నీషియన్ అడిగాడు: "సార్, పింగ్ వస్తోంది కదా, మరి పీఎల్‌సీకి ఎందుకు కనబడట్లేదు?"

అతను అడిగిన ప్రశ్నకు జవాబే ఈ పనిలో అసలు విషయం. ప్రొఫీనెట్ కంట్రోలర్ తన పరికరాన్ని ఐపీతో వెతకదు, మ్యాక్‌తోనూ వెతకదు. పేరుతో వెతుకుతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు వరుస ఇలా ఉంటుంది:

1. కంట్రోలర్ డీసీపీ అనే ప్రోటోకాల్‌లో "`rio-04` ఎవరు?" అని నెట్‌వర్క్ అంతటికీ మల్టీకాస్ట్‌గా అడుగుతుంది. ఈ ఫ్రేమ్ నేరుగా ఈథర్‌నెట్ మీద వెళ్తుంది, ఐపీతో దీనికి సంబంధం లేదు.
2. ఆ పేరున్న పరికరం జవాబిస్తుంది. ఆ జవాబుతో దాని మ్యాక్ అడ్రస్ తెలుస్తుంది.
3. ప్రాజెక్టులో రాసి ఉన్న ఐపీని ఇంకెవరూ వాడటం లేదని చూసుకుని, కంట్రోలరే దాన్ని ఆ పరికరానికి ఇస్తుంది.
4. అప్పుడు యూడీపీ 34964 పోర్టు మీద కనెక్షన్ అడిగి, పారామీటర్‌లు పంపి, సైక్లిక్ డేటా మొదలుపెడుతుంది.

మొదటి మెట్టుకు జవాబు రాకపోతే మిగతా మూడూ అసలు జరగవు. నేను మూడో మెట్టు పనిని చేత్తో చేసి, మొదటిదాన్ని వదిలేశాను. పింగ్ చెప్పేది ఒక్కటే: ఆ ఐపీ ఉన్న ఏదో ఒక పరికరం బతికి ఉంది. అది `rio-04` అని పింగ్‌కీ తెలియదు, పీఎల్‌సీకీ తెలియదు.

ఇంకో మాట. మామూలు సెట్టింగ్‌లతో కంట్రోలర్ ఇచ్చే ఐపీ తాత్కాలికం, పవర్ పోతే పోతుంది. చేత్తో శాశ్వతంగా రాసిన ఐపీ మాడ్యూల్‌లోనే ఉండిపోతుంది. ఆ మాడ్యూల్ రేపు స్టోర్‌కి వెళ్ళి, ఎల్లుండి ఇంకో లైన్‌లోకి వస్తే అదే ఐపీతో లేస్తుంది, అక్కడ ఆ అడ్రస్ వేరేవాళ్ళది కావచ్చు. అందుకని ఇప్పుడు రిమోట్ ఐఓకి చేత్తో ఐపీ ఇవ్వడం పూర్తిగా మానేశాను.

లైన్ ఆగిన టైం: 25 నిమిషాలు. మొత్తం: 43.

దశ 3: పేరు ఇచ్చాను, ఒక గీత తప్పింది

పేరు ఇవ్వాలని అర్థమయ్యాక ముందు ఒక భయం: జాబితాలో ఉన్న ఆరింటిలో తప్పుదాన్ని ఎంచుకుంటే నడుస్తున్న స్టేషన్ పేరు మారిపోయి, అది కూడా ఆగిపోతుంది. మ్యాక్ ఫోటో లేదు. అందుకని టూల్‌లో `Flash LED` నొక్కాను. ప్యానెల్ ముందు నిలబడ్డ టెక్నీషియన్ `rio-04` మీద లైట్ ఆరి వెలుగుతోందని చెప్పాకే ముందుకెళ్ళాను.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాం. పీఎల్‌సీ రన్‌లోనే ఉంది. పేరు సరిపోయిన మరుక్షణం స్టేషన్ కలుస్తుంది, దాని అవుట్‌పుట్‌లకు ప్రోగ్రామ్ చెప్పిన విలువలు వచ్చేస్తాయి. వాల్వులు, మోటార్లు ఉన్నట్టుండి కదలొచ్చు. కాబట్టి మెషిన్‌ను స్టాప్‌లో పెట్టించి, చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాం.

ప్యానెల్ తలుపు మీద బోర్డు "RIO 04" అని ఉంది. నేను `rio04` అని పేరు రాశాను. టూల్ విజయవంతం అని చూపింది. బస్ ఫాల్ట్ మాత్రం పోలేదు.

అప్పుడు ల్యాప్‌టాప్‌ను `rio-06` ఖాళీ పోర్టుకి పెట్టి, నెట్‌వర్క్ ఫ్రేమ్‌లను పట్టి చూపే వైర్‌షార్క్ తెరిచాను. ఫిల్టర్ ఇది:

```
pn_dcp || arp || lldp
```

కొన్ని సెకన్లకోసారి ఒకటే ఫ్రేమ్ మళ్ళీ మళ్ళీ వస్తోంది. కుదించి రాస్తే:

```
plc-1 -> 01:0e:cf:00:00:00   Ident Req, NameOfStation:"rio-04"
```

ఈ క్యాప్చర్‌ను చదవడంలో ఒక మెలిక ఉంది. ప్రశ్న మల్టీకాస్ట్ కాబట్టి లైన్‌లో ఏ పోర్టులోనైనా కనబడుతుంది. జవాబు నేరుగా పీఎల్‌సీకే వెళ్తుంది, మిర్రర్ పోర్టు లేకపోతే అది మనకు కనబడదు. కాబట్టి జవాబు కనబడలేదని ఏదీ తేల్చకూడదు. ప్రశ్న ఆగకుండా తిరిగి తిరిగి రావడాన్నే చూడాలి. జవాబు సరిగ్గా అందితే కంట్రోలర్ ఆ పేరును మళ్ళీ మళ్ళీ అడగదు.

ఆ ఫ్రేమ్‌లో ఉన్న పేరును, టూల్ జాబితాలో ఉన్న పేరును పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాను. `rio-04`, `rio04`. మధ్యలో హైఫన్ లేదు. అంతే తేడా.

పేరు మొత్తం అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్, చుక్క తప్ప ఇంకేవీ కుదరవు. అండర్‌స్కోర్, ఖాళీ చోటు పనికిరావు. ప్రాజెక్టు తయారుచేసే సీమెన్స్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్‌లో అండర్‌స్కోర్ పెడితే అది ఒప్పుకుంటుంది, కానీ లోపల పేరును మార్చి వాడుతుంది. `PLC_1` అని మనం రాస్తే నెట్‌వర్క్ మీద తిరిగే పేరు `plcxb1d0ed`. ఇంకో టూల్‌తో పేరు ఇచ్చేవాళ్ళు మొదటిదాన్ని చూసి రాస్తే ఎప్పటికీ కలవదు. ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లో `Converted name` అనే గడిలో ఉన్నదే అసలు పేరు. మా ప్రాజెక్టులో మొదటి నుంచీ హైఫన్‌లే వాడినందువల్ల ఆ చిక్కు రాలేదు.

`rio-04` అని సరిచేసి రాశాను. సుమారు నాలుగు సెకన్లలో పచ్చ లైట్ వచ్చింది. క్యాప్చర్‌లో ఆ ప్రశ్న ఆగిపోయింది.

లైన్ ఆగిన టైం: 21 నిమిషాలు. మొత్తం: 64.

దశ 4: మర్నాడు ఉదయం మళ్ళీ ఎరుపు

రాత్రి లైన్ మెయిన్ ఆపేశారు. పొద్దున ఆన్ చేస్తే ఐదు స్టేషన్లు వచ్చాయి, `rio-04` రాలేదు. కొత్త మాడ్యూల్ కూడా పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. టూల్‌తో చూస్తే మాడ్యూల్ బతికే ఉంది, పేరు గడి మాత్రం ఖాళీ.

డీసీపీలో ఏదైనా విలువ రాసేటప్పుడు దాన్ని శాశ్వతంగా ఉంచాలా, తాత్కాలికంగానా అన్నది కూడా అదే ఫ్రేమ్‌లో వెళ్తుంది. తాత్కాలికం అని వెళ్తే పవర్ ఉన్నంతసేపు పేరు ఉంటుంది, తర్వాత చెరిగిపోతుంది. నేను వాడిన టూల్‌లో శాశ్వతంగా ఉంచమని చెప్పే గడి ఒకటి కింద ఉంది. ముందురోజు ఐపీకి టిక్ పెట్టాను, రెండోసారి పేరు రాసేటప్పుడు పెట్టలేదు. పచ్చ లైట్ వచ్చేసరికి పని అయిపోయిందనుకున్నాను. ఈ తప్పును అక్కడికక్కడే పట్టుకోవడానికి ఉన్న దారి ఒక్కటే: పవర్ తీసి మళ్ళీ ఇచ్చి చూడటం.

అప్పటి నుంచి చేత్తో పేరు ఇచ్చేటప్పుడు ఈ వరుస తప్పట్లేదు:

1. బిగించేముందు మ్యాక్ అడ్రస్ ఫోటో.
2. ప్రాజెక్టులోంచి పేరును కాపీ చేసి అతికించడం. ప్యానెల్ బోర్డు చూసి టైప్ చెయ్యకూడదు.
3. మెషిన్ స్టాప్, చుట్టూ ఖాళీ.
4. జాబితాలో మ్యాక్ సరిచూసి, `Flash LED` నొక్కి, పేరు శాశ్వతంగా రాయడం. ఐపీ గడి ముట్టుకోకూడదు.
5. పచ్చ లైట్ వచ్చాక ఆ ఒక్క మాడ్యూల్‌కి పవర్ తీసి 10 సెకన్లు ఆగి ఇవ్వడం. మళ్ళీ పచ్చ వస్తేనే తలుపు మూయడం. వరుస లైన్ కాబట్టి ఆ కొద్దిసేపు వెనక స్టేషన్లు కూడా పడిపోతాయి, ఆపరేటర్‌కి ముందే చెప్పాలి.

లైన్ ఆగిన టైం: 11 నిమిషాలు. మొత్తం: 75.

దశ 5: ల్యాప్‌టాప్ లేకుండా పేరు వచ్చేలా చెయ్యడం

రాత్రి షిఫ్ట్‌లో మాడ్యూల్ పోతే ల్యాప్‌టాప్ పట్టుకుని ఎవరూ ఉండరు. అందుకే తర్వాతి వారం ప్లాన్ ప్రకారం లైన్ ఆపినప్పుడు టోపాలజీ పద్ధతి పెట్టాను. ఈ ఆపిన టైం పై మొత్తంలో కలపలేదు.

ఇది పనిచేసే తీరు చెప్తాను. ప్రొఫీనెట్ పరికరాలన్నీ ఎల్‌ఎల్‌డీపీతో పక్కవాళ్ళకు తామెవరో, ఏ పోర్టో చెప్పుకుంటూ ఉంటాయి, మామూలుగా ఐదు సెకన్లకోసారి. కొత్త మాడ్యూల్‌కి తన పేరు తెలియకపోయినా, "నా పక్కన `rio-03` రెండో పోర్టు ఉంది" అని తెలుస్తుంది. ఏ పోర్టు ఎవరితో కలిసిందో ప్రాజెక్టులో గీసి ఉంటే, కంట్రోలర్ `rio-04` కోసం అడిగి జవాబు రానప్పుడు ఇలా అడుగుతుంది:

```
Ident Req, AliasName:"port-002.rio-03"
```

అంటే "`rio-03` రెండో పోర్టు పక్కన ఎవరున్నారు?" అని. కొత్త మాడ్యూల్ జవాబిస్తుంది. కంట్రోలర్ దానికి `rio-04` అని పేరు పెట్టి, తర్వాత ఐపీ ఇస్తుంది. మనిషి చెయ్యాల్సింది ఏమీ లేదు.

పెట్టిన తీరు:

1. టీఐఏ పోర్టల్ టోపాలజీ వ్యూలో ప్రతి కేబుల్‌నూ పోర్టు నుంచి పోర్టుకి గీశాను. గీసేముందు ఏడు ప్యానెల్‌లు తెరిచి కళ్ళతో చూశాను. పాత డ్రాయింగ్‌లో `rio-05` దగ్గర రెండు పోర్టులూ తారుమారుగా ఉన్నాయి. దాన్ని నమ్మి గీసి ఉంటే టోపాలజీ కలవలేదన్న హెచ్చరిక వచ్చేది.
2. సీపీయూ ప్రొఫీనెట్ ఇంటర్‌ఫేస్ ఆప్షన్లలో `Support device replacement without exchangeable medium` టిక్ ఉందని చూశాను.
3. కంపైల్ చేసి డౌన్‌లోడ్ చేశాను.

మొదటి పరీక్ష ఫెయిల్. స్టోర్‌లోని రెండో స్పేర్‌ను `rio-04` చోట పెట్టి ఐదు నిమిషాలు ఆగాను, ఎరుపు పోలేదు. జాబితాలో చూస్తే దాని పేరు `bench-b`. పేరు ఉన్న పరికరాన్ని కంట్రోలర్ మామూలుగా ముట్టుకోదు. ఖాళీ పేరున్నదానికే పేరు పెడుతుంది.

మాడ్యూల్‌ను తీసి, బెంచ్ మీద టూల్‌తో ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి రీసెట్ చేశాను. పవర్ తీసి ఇచ్చి, పేరు ఖాళీ, ఐపీ 0.0.0.0 అని చూసుకున్నాకే మళ్ళీ బిగించాను.

రెండో పరీక్ష: పవర్ ఇచ్చినప్పటి నుంచి పచ్చ లైట్ దాకా 38 సెకన్లు. పాతది ఆఫ్ చేసి విప్పడం దగ్గర నుంచి లెక్కేస్తే 6 నిమిషాల లోపే. తర్వాత పవర్ తీసి ఇచ్చి చూశాను, పేరు నిలిచింది.

`Permit overwriting of device names of all assigned IO devices` అని ఇంకో టిక్ ఉంది. అది పెడితే పాత పేరున్న స్పేర్‌కి కూడా కంట్రోలర్ కొత్త పేరు రాసేస్తుంది, రీసెట్ చెయ్యక్కర్లేదు. నేను పెట్టలేదు. ఒకే రకం స్టేషన్లు రెండు ఉండి, రాత్రిపూట ఎవరైనా కేబుళ్ళు తారుమారుగా పెడితే, ఆ రెండింటి పేర్లూ మారిపోయే అవకాశం ఉంది. అప్పుడు లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి, కానీ ఒక చోటు వాల్వుకి వెళ్ళాల్సిన ఆదేశం ఇంకో చోటు వాల్వుకి వెళ్తుంది. స్పేర్‌ను ముందే ఖాళీ చేసి పెట్టుకోవడం నాకు ఇంతకంటే తేలిక.

దశ 6: `rio-01` దగ్గర కుదరలేదు

ఆరు స్టేషన్లనీ ఒక్కొక్కటిగా ఇలాగే పరీక్షించాను. ఐదు పాస్. `rio-01` ఫెయిల్, స్పేర్ పూర్తిగా ఖాళీగా ఉన్నా సరే. కేబుల్ వెంట నడిస్తే పీఎల్‌సీకి, `rio-01`కి మధ్య ప్యానెల్ అడుగున ఒక అన్‌మేనేజ్డ్ స్విచ్ ఉంది. ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి ఎవరో ఎప్పుడో బిగించారు, డ్రాయింగ్‌లో లేదు. దానికి ప్రొఫీనెట్ పేరు లేదు, పీఎల్‌సీ పంపే ఎల్‌ఎల్‌డీపీ ఫ్రేమ్‌లను అది అవతలికి దాటనివ్వడం లేదు. సైక్లిక్ డేటా మాత్రం హాయిగా వెళ్తోంది, అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. `rio-01` తన పక్కన పీఎల్‌సీ ఉందని ఎప్పటికీ తెలుసుకోలేదు కాబట్టి ఆ ప్రశ్నకు జవాబివ్వలేదు.

క్యాప్చర్‌లో ఇది సులువుగా తెలుస్తుంది. `rio-01` కేబుల్‌ను తీసి ల్యాప్‌టాప్‌కి పెట్టి 30 సెకన్లు చూశాను. పీఎల్‌సీ నుంచి ఒక్క ఎల్‌ఎల్‌డీపీ ఫ్రేమ్ కూడా రాలేదు. స్విచ్‌ను తప్పించి నేరుగా పీఎల్‌సీ పోర్టుకి పెడితే ఐదు సెకన్లలోపే వచ్చింది.

ఇప్పటికి మిగిలిన పనులు:

1. ఆ స్విచ్ తీసేసి, ప్రాజెక్టులో చేర్చగల ప్రొఫీనెట్ స్విచ్ పెట్టాలి. అప్పటిదాకా `rio-01` పేరు చేత్తోనే ఇవ్వాలి, ఆ ప్యానెల్ లోపల పేరు అక్షరం అక్షరం రాసి అతికించాను.
2. స్టోర్‌లో ఉన్న నాలుగు స్పేర్‌లలో మూడు రీసెట్ చేశాను. నాలుగోది బెంచ్ మీద వాడుతున్నారు, తిరిగి వచ్చాక రీసెట్ చేసి, "పేరు ఖాళీ, పవర్ తీసి చూశాం" అని తేదీతో చీటీ అంటించాలి.